మోకాలి రక్తమూ ముక్కు రక్తమూ

మా వీధిలో ఎవరికి ముక్కు నుంచి రక్తం కారినా కారణం ఒక్కటే: వేడి. ఆవకాయ తిన్నావు, వేడి. బొప్పాయి తిన్నావు, వేడి. ఎండలో తిరిగావు, వేడి. ఏమీ తినకుండా నీడలో కూర్చున్నావా, అయితే పుట్టుకతో వచ్చిన వేడి. నాకు డెబ్బై దాటాయి. ఈ వేడి ఒంట్లో ఏ మూల కాపురం ఉంటుందో ఇంతవరకు ఒక్కరూ చూపించలేదు. అయినా అందరికీ దాని అడ్రసు తెలిసినట్టే మాట్లాడతారు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా చేతికందిన కాగితం మీదే. మందు డబ్బాలో మడిచి పెట్టిన సన్నక్షరాల కాగితం, ఓడ గోడకి అంటించిన నియమాలు, పకోడీ పొట్లం విప్పితే వచ్చిన సగం వ్యాసం, ఏదైనా చదివేవాణ్ణి. నచ్చింది నోటుపుస్తకంలో ఎక్కించేవాణ్ణి. అలా చదువుకున్నవాడికి ఒక పొగరు ఉంటుంది. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరూ దిద్దలేదు కూడా. ఆ రెండో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

వృత్తికి నేను డింగీలు, అంటే చిన్న చెక్క పడవలు, బాగుచేసేవాణ్ణి. అండమాన్ దీవుల్లో హోప్ టౌన్ ఒడ్డున, నీళ్లకి పాతిక అడుగుల దూరంలో నా పాక. పలకల మధ్య సందుల్లో నార దూర్చి, సుత్తితో కొట్టి, పైన గుగ్గిలం నూనె పూసేవాణ్ణి. అటు పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఇటు మా తీరం పల్లెకారుల నుంచి పని వచ్చేది. సునామీ రోజు పొద్దున నా చేతిలో మూడు డింగీలు ఉన్నాయి. సాయంత్రానికి పాక లేదు, రెండు డింగీలు లేవు. మూడోది అర మైలు లోపల ఒకాయన కొబ్బరితోటలో బోర్లా పడి దొరికింది. కొన్ని రోజులకి నేను వెళ్లేసరికే దాని కింద ఆయన కోడి పొదుగుకి కూర్చుంది. ‘కోడి లేచాక తీసుకెళ్లు భయ్యా’ అన్నాడు. మా ఇంట్లో ప్రాణాలు మూడూ దక్కాయి. అంచేత నేను ఆ రోజు గురించి నవ్వుతూ రాయగలుగుతున్నాను. నవ్వలేనివాళ్లు చాలామంది ఉన్నారు.

తర్వాత మమ్మల్ని రేకుల షెడ్లలో పెట్టారు. మధ్యాహ్నం ఆ రేకు మీద అప్పడం వేయిస్తే వేగేది. పక్క గది ఒక తాపీ మేస్త్రీది, చౌల్దారీ ఊరి తెలుగువాడు. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. ఎడం కాలు పూర్తిగా చాచలేడు. రేకు గోడకి చెవులక్కర్లేదు, నోరే ఉంటుంది. ఆయన దగ్గితే మా ఆవిడ మంచినీళ్లు కావాలా అని ఇటునుంచే అడిగేది.

ఒకరోజు ఆ మేస్త్రీ మోకాలు మంచం కోడుకి తగిలింది. గీత కూడా పడలేదు. సాయంత్రం దాకా మామూలుగానే తిరిగాడు. మర్నాడు పొద్దున చూస్తే మోకాలు గుమ్మడికాయంత అయింది.

‘బెణికింది. నూనె రాయిస్తాను’ అన్నాను.

‘బెణకలేదు బాబాయ్. లోపల కారతంది.’

‘ఏటి కారేది?’

‘రక్తం. కీలు లోపల. ఒక్క సుక్క పైకి రాదు. మా మేనమామకీ ఇంతే. ఆడు యాభై నిండకుండా మంచం పట్టీసాడు.’

షెడ్ల దగ్గరికి వారానికోసారి వచ్చే కుర్ర డాక్టరు ఆ మోకాలు చూసి, మేస్త్రీ మాట నిజమేనన్నాడు. హీమోఫీలియా. నేను ఆయన్ని వదలకుండా నోటుపుస్తకం పట్టుకుని వెంటపడ్డాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. రక్తం గడ్డ కట్టడానికి ఒంట్లో వరసగా కొన్ని సరుకులు ఉంటాయట. వాటికి నంబర్లు ఉంటాయట. మేస్త్రీకి ఎనిమిదో నంబరు సరుకు దాదాపు లేదు. దాన్ని తయారు చేసే రాత ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్లకి ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి పాడైనా రెండోది కాపు కాస్తుంది. మగవాడికి ఒక్కటే కాబట్టి అది పాడైతే ఇంక దిక్కులేదు. అందుకే తల్లి మోస్తుంది, కొడుకు పడతాడు. రక్తం కీళ్లలోకి, కండల్లోకి కారుతుంది. దెబ్బ తగిలిన వెంటనే కాక గంటలు గడిచాక మొదలవుతుంది.

ఇదంతా రాసుకుని, కింద గీత గీసి, ‘తల్లి తరఫు’ అని పెద్దక్షరాలతో రాశాను. ఆ రెండు మాటలే నా కొంప ముంచాయి.

ఒక్క సంగతి మాత్రం రాసుకోలేదు. మేస్త్రీ రోజూ పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకునేవాడు. ఎప్పుడైనా తెగితే తడి గుడ్డ అద్దేవాడు, అందరికీ ఆగినట్టే ఆగిపోయేది. నేను గీసుకుంటే మాత్రం ముఖమంతా కాగితం ముక్కలు అంటించుకుని అరగంట కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ‘నోటీసు బోర్డు’ అని పిలిచేది. అంత పెద్ద జబ్బు ఉన్నవాడి గడ్డం నాకంటే తొందరగా ఆరిపోతోందని ఒక్కరోజైనా ఆలోచించానా? లేదు. బ్లేడుని తిట్టాను.

షెడ్ల నుంచి బయటపడి డాలీగంజ్‌లో రెండు గదుల ఇల్లు చూసుకున్నాం. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లప్పుడు పుచ్చిన పన్ను ఒకటి పీకించాం. రెండు రోజులు ఆగకుండా కారింది. మా ఆవిడ పసుపు పెట్టింది, లవంగం పెట్టింది, దేవుడికి మొక్కుకుంది. మూడో రోజు అదే ఆగింది. ఈ లోపల నేను నోటుపుస్తకం తీసి అందరినీ పిలిచి తీర్పు చదివాను.

‘ఇది హీమోఫీలియా. తల్లి తరఫు నుంచి వస్తాది.’

మా ఆవిడ గరిట పట్టుకుని వచ్చింది. ‘ఏటండీ? మా అన్నదమ్ములు నలుగురూ వేటకెళ్తారు. గేలం చేతిలో దిగిపోతే పీకి పారేసి, పంచికి తుడుసుకుని మళ్లీ వలేస్తారు. మా తరఫంటారేటి?’

‘ఆడవాళ్లు మోస్తారు. పైకి కనబడదు.’

‘అవును. కనబడనిదల్లా మా తరఫే. కనబడిన ముక్కు మాత్రం మీదే కదా, దాన్నడగండి!’

దాని భావం నాకు పట్టలేదు. నాకు వయసులో ఉన్నప్పటి నుంచి ముక్కులోంచి రక్తం కారుతుంది. బాగుచేసిన పడవల్ని సముద్రం మీద నడిపి చూస్తాను కాబట్టి డీజిల్ పొగకి కారుతోందని నేనే తేల్చేశాను. వేడి అన్నవాళ్లని వెక్కిరించి, పొగ అన్న నన్ను నేను మెచ్చుకున్నాను.

అప్పట్నుంచి మూడేళ్లు మా ఇంట్లో ఏ గొడవ వచ్చినా చివరికి రక్తం దగ్గరికే చేరేది. కూరలో ఉప్పెక్కువైతే, ‘మా తరఫు చెయ్యి కదా’ అని ఆవిడే ముందుగా అనేసేది.

మా అమ్మాయికి ఇరవై రెండొచ్చాయి. ఓడ టికెట్ల ఆఫీసులో పని. క్యూలో ముప్పై మంది ఒకేసారి అరిచినా ఒక్కరి ప్రశ్నకే జవాబు చెప్పే మనిషి. ఆ సంవత్సరం చివరి దవడ పన్ను అడ్డంగా మొలిచి చీము పట్టింది. చెంప ఒకవైపు బన్నులా పొంగింది. నేను వెంట వెళ్లాను. పళ్ల డాక్టరు కుర్చీ వాల్చి, లైటు వేసి, సూదిమందు సిద్ధం చేసుకుంటూ, ఇంతకు ముందు పన్ను తీయించుకున్నారా అని అడిగాడు.

నా నోరు వెనకనుంచి పనిచేసింది. ‘తీయించాం. రెండు రోజులు కారింది. హీమోఫీలియా. తల్లి తరఫు.’

ఆయన సూది కింద పెట్టేశాడు. ‘పెద్దాయనా, ఆ మాట రాసిన కాగితం ఉందా?’

‘నా పుస్తకంలో ఉంది.’

‘నాకు రక్తం డాక్టరు రాసిన కాగితం కావాలి. అది లేకుండా నేను ముట్టుకోను. చీముకి మందులిస్తాను, కొన్నాళ్లు ఆపుతుంది. కానీ ఈ పన్ను వెళ్లి తీరాలి. ఉంచితే చీము దవడ ఎముకలోకి పోతుంది.’

బయటికి వచ్చాక మా అమ్మాయి చెంప పట్టుకుని, పళ్ల సందులోంచి అంది, ‘నాన్నా, నీ నోట్లో నొప్పి లేదు కదా. అందుకే అంత బాగా పనిచేస్తోంది.’

నిజం చెప్పాలంటే ఆ రోజు నా నోరు చేసింది మంచి పనే. చెప్పకపోతే ఆయన పీకేసేవాడు, పిల్ల మళ్లీ కారేది. ఈ మాట ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక డాక్టరమ్మ ఉండేది. ఇక్కడే పుట్టి, బయట చదువుకుని తిరిగి వచ్చిన మనిషి. తెలుగూ హిందీ ఒకే వాక్యంలో కలిపి వడ్డించేది. ఆమె ముందు నేను, మా ఆవిడ, మా అమ్మాయి వరసగా కూర్చున్నాం.

‘బేటీ, కీళ్లు ఎప్పుడైనా వాచాయా? మోకాలు, మోచేయి?’

‘ఇంకా లేదు’ అన్నాను.

‘కండలో గడ్డలా?’

‘లేదండి.’

‘అంకుల్, పన్ను మీదా, ఆమెదా?’

‘ఆమెది.’

‘అచ్ఛా, అయితే ఆమెను చెప్పనివ్వండి. మీరు దయచేసి బయట కూర్చోండి.’

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు మూసే ఉంది. అరగంట పట్టింది. లోపల అంతసేపు ఏం చెప్పుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. పన్ను ఒక్కటేగా!

తలుపు తీసేసరికి మా ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. ఆ రోజు నాకు తెలిసింది ఏమిటంటే, మా అమ్మాయికి నెలసరి మొదలైన ఏడాది నుంచి ప్రతినెలా వారం పైగా విపరీతంగా పోతోంది. పడుకున్న చాప కింద ప్లాస్టిక్ పరుచుకుంటుంది. బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. కారణం ఏమంటే నేను ‘ఎండ’ అన్నానట. గుర్తులేదు, కానీ అనే ఉంటాను. చిన్న దెబ్బకి కమిలిపోవడం, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రావడం, ముక్కు కారడం, అన్నీ ఉన్నాయి. తల్లీకూతుళ్లు అవి ఆడవాళ్లకి మామూలేనని సర్దుకున్నారు. నేను ‘ఆడవాళ్లు ఊరికే మోస్తారు, పైకి కనబడదు’ అని పుస్తకం చూపించి చెబుతూ వచ్చాను. ఆ మాటే వాళ్ల నోరు కట్టేసింది. కనబడుతున్నదాన్ని కనబడదని చెప్పేవాడు ఇంట్లో ఉంటే ఎవరు చెబుతారు?

డాక్టరమ్మ నాకేసి తిరిగింది. ‘హీమోఫీలియా మోసే ఆడవాళ్లలోనూ కొందరికి కొంచెం కారుతుంది అంకుల్. అందుకని దాన్నీ చూస్తాను. లేకిన్ ఈ లక్షణాలు చూడండి. ముక్కు, చిగుళ్లు, నెలసరి, చర్మం. అన్నీ పైపొరల్లో. దెబ్బ తగిలిన వెంటనే. కీలు ఒక్కటీ లేదు. ఇది ఇంకోటిలా ఉంది. వాన్ విల్లెబ్రాండ్ అంటారు.’

‘అదేటండి?’

‘మీరు ఏం పని చేస్తారు?’

చెప్పాను. ఆమె మొహం వెలిగింది. ‘అరే, అయితే సులువు. డింగీలో సందు పడితే మొదట ఏం చేస్తారు?’

‘నార దూరుస్తాం.’

‘ఒంట్లో ఆ నార ప్లేట్‌లెట్లు. నార ఊరికే దూరిస్తే నీళ్లు తోసేయవా?’

‘తోసేస్తాయి. గుగ్గిలం పట్టించాలి.’

‘ఆ గుగ్గిలమే వాన్ విల్లెబ్రాండ్ సరుకు. అది తక్కువైనా, నాసిరకమైనా నార అంటుకోదు. మొదటి బిరడాయే పడదు. అందుకే ముక్కు, చిగుళ్లు, గర్భసంచి, ఇలా పల్చటి చోట్ల వెంటనే కారుతుంది. హీమోఫీలియాలో నార, గుగ్గిలం బాగానే ఉంటాయి. మొదటి బిరడా పడుతుంది. దాని మీద గట్టిపడే పూత ఉండదు. ఎనిమిదో సరుకు, లేకపోతే తొమ్మిదోది, లేదు కదా. కొన్ని గంటలకి బిరడా వదులై లోలోపల, కీళ్లలో కారుతుంది.’

మేస్త్రీ గడ్డం గుర్తొచ్చి నా చెంప నేనే తడుముకున్నాను. అతని చిన్న గాటుకి నారా గుగ్గిలమూ చాలు. నా గాటుకి కాగితం ముక్కలు కావాలి.

‘మరి ఇది ఎవరి తరఫు?’ నా నోరు ఊరుకోదు.

‘ఎవరిదైనా కావచ్చు. ఇది ఎక్స్ మీద ఉండదు. మామూలు రకం అయితే తల్లి ఇచ్చినా తండ్రి ఇచ్చినా కొడుక్కీ కూతురికీ సమానం, సగం సగం అవకాశం. మీ ఇద్దరిలో ఎవరికైనా కారుతుందా?’

మా ఆవిడ పమిట సర్దుకుంది. మూడేళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న అది.

‘సెప్పండేం? నానే సెప్పాలా? మేడమ్, ఈయన ముక్కు పెళ్లినాడే కారింది. మధుపర్కం పాడైపోయింది. గడ్డం గీసుకుంటే నోటీసు బోర్డు. ఈయన తల్లి, మా అత్తగారు, ఈయన్ని కన్నాక నెలన్నర మంచం మీద రక్తం పోతానే ఉండిపోయిందని ఆవిడే నాతో సెప్పింది. ఇవేవీ ఆ పుస్తకంలో ఉండవు!’

అది నిజం. మా అమ్మ ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేది. ఊళ్లో అందరూ మేనిఛాయ అని మెచ్చుకునేవారు.

పరీక్ష ద్వీపంలో కాదు, మద్రాసులో చేయాలి. డాక్టరమ్మ చీటీ రాసింది. రక్తం ఆమె దగ్గర తీస్తారు. ఊరి అవతల ఉన్న లాబులో దాన్ని తిప్పి, పైన తేలిన పసుపు నీరు వేరు చేసి, దాన్ని మంచులా గడ్డ కట్టించి, విమానంలో పంపుతారు. మనిషి లేడు కాబట్టి గొట్టం నన్నే పట్టుకెళ్లమంది. ‘చేతిలోనే పట్టుకోండి, నిటారుగా. కుదపొద్దు. గంటలో ఇచ్చేయండి.’

ఇక్కడ నా తప్పు రాయాలి. నేను పుట్టిందీ పెరిగిందీ చేపల మధ్య. కాసేపు ఆగాల్సిన ఏ వస్తువైనా ఐసులో పెట్టకపోతే అది పాడైనట్టే మాకు లెక్క. మా కులంలో పిల్లవాడికి అక్షరాల కంటే ముందు ఇది వస్తుంది. జెట్టీ దగ్గర బస్సు ఆగిపోయింది. ఎండ మండుతోంది. నా చేతిలో కన్నకూతురి రక్తం. పక్కనే తెలిసినవాడి చేపల బుట్ట. ‘భయ్యా, ఒక పిడికెడు ఐసు’ అన్నాను. వాడు వంజరం చేప పక్కన చోటిచ్చాడు. గొట్టం అందులో పాతిపెట్టి, మూత వేసి, ఆ బుట్టే అరువడిగి గర్వంగా తీసుకెళ్లాను. లాబు గుమ్మం ముందు తుడిచి ఇచ్చాను. ఐసు సంగతి చెప్పలేదు. వాళ్లు అడగలేదు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి ఒకసారి, మళ్లీ చదివి ఒకసారి, మా అమ్మాయిని చూసి ఒకసారి కనుబొమలు ముడిచింది.

‘ఇంత తక్కువా? సరుకు పనితనం కూడా బాగోలేదంటోంది. అంత మొండి రకం అయితే బేటీ ఇంతకంటే ఎక్కువ కష్టపడి ఉండాలి. ఈ లెక్క ప్రకారం పన్ను ఇక్కడ తీయనివ్వను, మెయిన్‌లాండ్ పంపాలి. అంకుల్, రక్తం ఎలా తీసుకెళ్లారు?’

‘భేషుగ్గా! ఐసులో పెట్టి.’

ఆమె పెన్ను టేబుల్ మీద పడిపోయింది. ‘ఐసులో? ఎవరు చెప్పారు?’

‘చెప్పాలా? ఏ వస్తువైనా అంతే కదండీ.’

‘అది వంజరం కాదు అంకుల్! వేరు చేయకముందు రక్తాన్ని అలా చల్లబెడితే మనం వెతికే సరుకే అందులోంచి తగ్గిపోతుంది. లేని జబ్బు కూడా ఉన్నట్టు వస్తుంది. ముందు వేరు చేయాలి, ఆ తర్వాతే మంచులా గడ్డ కట్టించాలి.’

మా అమ్మాయి నాకేసి చూడలేదు. చెంప మళ్లీ వాస్తోంది. మందుల కోర్సు రెండోసారి నడుస్తోంది. గోడ వైపు చూస్తూ అంది, ‘నాన్నా, ఈసారి గొట్టం కాదు, నన్నే పట్టుకెళ్లు. ఐసు లేకుండా.’

చీము ఎక్కువగా ఉన్నప్పుడు కూడా ఈ సరుకు తాత్కాలికంగా పెరిగి లెక్క తప్పిస్తుందట. వాపు తగ్గేవరకు ఆగి, ఇద్దరం నేరుగా లాబుకే వెళ్లాం. ఇద్దరం అని ఎందుకంటున్నానంటే డాక్టరమ్మ నా చెయ్యి కూడా చాపమంది. మా ఆవిడ రానంది. ‘నా తరఫు పరీక్ష మూడేళ్లు జరిగింది, చాలు’ అంది.

ఆ ఎదురుచూపుల్లో ఒక సాయంత్రం చౌల్దారీ నుంచి మేస్త్రీ వచ్చాడు. కర్ర పట్టుకుని, రెండు బస్సులు మారి. సంచిలోంచి చిన్న సీసా తీశాడు. మద్రాసు వాళ్లు అతనికి పంపే ఎనిమిదో సరుకు. ఏడాదికి దొరికేవే కొన్ని.

‘సెల్లికి వెయ్యించండి బాబాయ్. నా మోకాలు ఎటూ వంకరేగా, ఇంకొంచెం వంకరైతే ఏటైపోద్ది.’

మర్నాడు మేస్త్రీతో కలిసి వెళ్లి అది డాక్టరమ్మకి చూపించాం. ఆమె లేబుల్ చదివి మేస్త్రీకే తిరిగి ఇచ్చింది.

‘ఇందులో ఎనిమిదోది ఒక్కటే ఉంది భయ్యా. ఈమెకి తక్కువైంది దాన్ని మోసే సరుకని నా అనుమానం. వాన్ విల్లెబ్రాండ్ ఇంకో పని కూడా చేస్తుంది. ఎనిమిదోదాన్ని రక్తంలో భుజాన మోస్తుంది. మోసేది లేకపోతే ఎనిమిదోది తొందరగా కరిగిపోతుంది. నార అంటుకోవడానికి ఇది అసలే పనికిరాదు. మీ మందు మీకే కావాలి.’

మేస్త్రీ సీసాని సంచిలో పెట్టుకుంటూ, ‘మా ఇద్దరికీ కారేది రక్తమే గానీ పార్టీలు వేరన్నమాట’ అన్నాడు. మా అమ్మాయి చెంప నొప్పితోనే నవ్వింది.

రెండో రిపోర్టు వచ్చింది. మా అమ్మాయికి వాన్ విల్లెబ్రాండ్, తేలిక రకం. సరుకు తక్కువ, నాసిరకం కాదు. నాకూ అదే, కాస్త నయం. వయసుతో అది కొంత పెరుగుతుందట. సరుకు పెరిగినచోట బుద్ధి కూడా పెరిగి ఉంటే బాగుండేదని మా ఆవిడ అంది. డాక్టరమ్మ నాకు ఒక గట్టి మాట చెప్పింది. ఒళ్లు నొప్పులకి షాపులో దొరికే ఆస్పిరిన్ బిళ్లలు నేనూ మా అమ్మాయీ జన్మలో మింగకూడదు. అవి ఉన్న కాస్త నారని కూడా జారుడు చేస్తాయి. నేను ముప్పై ఏళ్లుగా సముద్రం మీదికి జేబునిండా అవే పట్టుకెళ్లేవాణ్ణి. డీజిల్ పొగకి ఇన్నాళ్లూ నింద వేశాను.

తేలిక రకానికి ఒక సూదిమందు ఉంది. ఒంట్లో దాచిపెట్టుకున్న సరుకునే బయటికి తోస్తుంది. అది ఒకరోజు ముందుగా ఇచ్చి, రక్తంలో సరుకు పెరిగిందో లేదో చూశారు. పెరిగింది. పన్ను తీసే రోజు ఆసుపత్రిలో మళ్లీ అదే ఇచ్చారు. గాటులో కట్టిన రక్తపు గడ్డని కరగనివ్వని బిళ్లలు, దానితోనే పుక్కిలించే మందు కూడా ఇచ్చారు. ఆ సూదిమందు వేసిన రోజు నీళ్లు ఎక్కువ తాగకూడదు, ఒంట్లో నిలిచిపోతాయి. నన్ను నీళ్ల సీసాకి కాపలా పెట్టారు. ఎవరూ దిద్దక్కర్లేని పని కదా. మా అమ్మాయి చెయ్యి చాపిన ప్రతిసారీ ‘రెండు గుక్కలే’ అనేవాణ్ణి. మూడోసారి ఆమె సీసా వైపు కాక నా పీక వైపు చెయ్యి చాపింది.

పళ్ల డాక్టరు ఈసారి కాగితం చదివి, తల ఊపి, పన్ను తీశాడు. అడ్డంగా ఉండడం వల్ల రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. కుట్టు వేసి, దూది గుడ్డ కరిచి పట్టుకోమన్నాడు. అరగంట తర్వాత తీసి చూస్తానన్నాడు.

ఆ అరగంట నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ బల్ల మీద. మా అమ్మాయి పళ్లు బిగించి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదుటి గోడ మీది దంతాల బొమ్మని చూస్తోంది. ఆమెకి పంతొమ్మిదో ఏట తడిసిన తలగడ గుర్తొస్తోందని నాకు తెలుసు. నాకూ అదే గుర్తొస్తోంది. అప్పుడు నేను పుస్తకం చదువుతున్నాను. తలగడ మార్చింది వాళ్ల అమ్మ.

డాక్టరు వచ్చి దూది తీశాడు. ఒక చివర ఎరుపు, మిగతాది లేత గులాబి. కొత్తది పెట్టాడు. పావుగంట ఆగి అదీ తీశాడు. దాని మీద ఒక్క చిన్న మచ్చ. నోట్లో లైటు వేసి చూశాడు.

‘ఆగింది.’

మా ఆవిడ లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. నేను ఏదో అనబోయాను. మా అమ్మాయి వేలెత్తి నన్ను ఆపింది. మాట్లాడొద్దని ఆమెకి చెప్పారు కాబట్టి డాక్టరు జేబులోంచి పెన్ను లాక్కుని, మందుల చీటీ వెనక రాసింది. తెలుగు మాట్లాడినంత బాగా రాయదు, అక్షరాలు పెద్దవిగా వంకరగా వచ్చాయి.

‘ఆకలి. జావ. ఉప్పు తక్కువ. పోదాం పదండి.’